కుందేళ్ల జ్వరపరీక్ష: ఒక రాజీ ఎలా నడిచింది

నరంలోకి ఎక్కించే సెలైనులో ఒక్క బ్యాక్టీరియా కూడా బతికి లేకపోయినా రోగికి చలిజ్వరం రావచ్చు. చనిపోయిన కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొర నుంచి ఊడివచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థమే అందుకు కారణం. 121 డిగ్రీల ఆవిరిలో బ్యాక్టీరియా చస్తుంది కానీ ఎండోటాక్సిన్ చెక్కుచెదరదు. దాన్ని పోగొట్టాలంటే గాజు సీసాలను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంటైనా ఉంచాలి. సూది మందు వేసిన తర్వాత వచ్చే ఈ అంతుపట్టని జ్వరాలకు మూలం స్వేదనజలంలోకి చేరిన బ్యాక్టీరియా కాలుష్యమేనని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ సీబర్ట్ 1920లలో తేల్చారు. ఆమె ప్రయోగాలు కుందేళ్ల మీద జరిగాయి. ఎండోటాక్సిన్‌కు కుందేలు శరీరం ఇంచుమించు మనిషి శరీరంలాగే స్పందిస్తుంది. అందుకే 1942లో అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం, అంటే ఫార్మకోపియా, కుందేళ్ల జ్వరపరీక్షను అధికారిక పరీక్షగా చేర్చుకుంది.

పరీక్ష చూడటానికి సాదాసీదాగానే ఉంటుంది. మూడు కుందేళ్లను మెడ దగ్గర కదలకుండా పట్టి ఉంచే పెట్టెల్లో కూర్చోబెట్టి, మలద్వారంలో ఉష్ణమాపకం అమర్చి, చెవి నరంలోకి మందు ఎక్కిస్తారు. మొదటి గంట నుంచి మూడో గంట వరకు అరగంటకోసారి ఉష్ణోగ్రత నమోదు చేస్తారు. అమెరికా నిబంధన ప్రకారం ఏ కుందేలుకూ అర డిగ్రీ పెరగకపోతే బ్యాచ్ గట్టెక్కినట్టే. పెరిగితే మరో ఐదింటి మీద పరీక్షిస్తారు. మొత్తం ఎనిమిదింటిలో మూడింటికి మించి అర డిగ్రీ పెరుగుదల కనిపించినా, ఎనిమిదింటి పెరుగుదల కలిపి 3.3 డిగ్రీలు దాటినా ఆ బ్యాచ్ పనికిరాదు.

ఈ పరీక్షలో కుందేళ్లు సాధారణంగా చనిపోవు. కాబట్టి వాటిని మళ్లీ వాడుకుంటారు. జ్వరం రాకపోతే రెండు రోజుల విరామం చాలు, వస్తే రెండు వారాలు ఆగాలి. మొత్తం మీద తక్కువ కుందేళ్లతో పని జరుగుతుంది. కానీ అదే కుందేలు నెలల తరబడి పెట్టెలోకీ సూది కిందకీ వెళ్తూనే ఉంటుంది. జంతువుల సంఖ్య తగ్గించమనే సూత్రమూ, ఒక్కో జంతువు పడే బాధను తగ్గించమనే సూత్రమూ ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. ఏది ముఖ్యమో ఏ ఉష్ణమాపకమూ చెప్పదు.

ఆ సూత్రాలు వచ్చింది 1959లో. జంతు సంక్షేమం కోసం పనిచేసే ఒక బ్రిటిష్ సంస్థ చేపట్టిన అధ్యయనంలో భాగంగా జంతుశాస్త్రవేత్త విలియం రస్సెల్, సూక్ష్మజీవి శాస్త్రవేత్త రెక్స్ బర్చ్ ఒక పుస్తకం రాశారు. వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి వాడండి, కుదరకపోతే తక్కువ జంతువులతో సరిపెట్టండి, వాటికీ బాధ తక్కువయ్యేలా ప్రయోగాన్ని మార్చండి అన్నది దాని సారం. ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే ఈ మూడు మాటల బలం వాటిలో లేని ప్రశ్నలోనే ఉంది. మనిషి ఆరోగ్యం కోసం జంతువును హింసించే హక్కు మనకు ఉందా అని ఆ పుస్తకం శాస్త్రవేత్తలను నిలదీయలేదు. ప్రయోగం సాగుతుందని ఒప్పుకుని, ఎలా సాగాలో మాట్లాడింది. ప్రయోగాలను పూర్తిగా వ్యతిరేకించేవారికి ఇది లొంగిపోవడంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ఆ మౌనం లేకుంటే ప్రయోగశాల తలుపు తెరుచుకునేదే కాదు. పైగా బాధ తగ్గిస్తే ఫలితమూ మెరుగవుతుందని రస్సెల్, బర్చ్ వాదించారు. కుందేళ్ల విషయంలో అది అక్షరాలా నిజం. బెదిరిన, అలవాటు లేని కుందేలు ఉష్ణోగ్రత మందుతో పనిలేకుండానే మారుతుంది. అందుకే ముందుగా ఉత్తుత్తి పరీక్షతో వాటిని అలవాటు చేస్తారు.

ఇక ప్రత్యామ్నాయం సంగతి. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త, కొన్ని బ్యాక్టీరియాలు సోకిన గుర్రపునాడా పీత రక్తం శరీరంలోనే గడ్డకట్టడం గమనించారు. తర్వాత ఆయన, జాక్ లెవిన్ కలిసి ఆ రక్తకణాల సారంతో గాజు గొట్టంలోనే ఎండోటాక్సిన్‌ను పట్టుకోవచ్చని చూపించారు. కుందేలు పరీక్ష కన్నా ఇది సున్నితమైనది, చవక, వేగంగా తేలిపోతుంది. 1970ల చివరికి అమెరికా దీన్ని అంగీకరించడం మొదలుపెట్టింది. క్రమంగా అనేక ఇంజెక్షన్లకు కుందేలు అవసరం తప్పింది.

అయితే బరువు పీత మీదకు మారింది. సముద్రంలో పట్టి, గుండె దగ్గర సూది గుచ్చి, కొంత రక్తం తీసి తిరిగి వదిలేస్తారు. అలా వదిలినవాటిలో కొన్ని చనిపోతాయి. ఎన్ని అన్నదానిపై అంచనాలు ఒకదానికొకటి పొసగవు. దీన్ని ప్రత్యామ్నాయం అనవచ్చా? రస్సెల్, బర్చ్ తమ సూత్రాల్లో నొప్పి తెలిసే వెన్నెముక గల జంతువుల గురించే ప్రధానంగా ఆలోచించారు కాబట్టి, వారి లెక్కలో అనవచ్చు. ఆ లెక్క సరైనదేనా అన్నది వేరే మాట. సింగపూర్ శాస్త్రవేత్తలు జీన్ డింగ్, బో హో పీత రక్తంలో ఎండోటాక్సిన్‌ను గుర్తించే ప్రోటీన్ జన్యువును వేరుచేసి, పీత అవసరం లేకుండా ఆ ప్రోటీన్‌ను తయారుచేసే దారి చూపారు. అది 2003 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చినా, యూరోపియన్ ఫార్మకోపియాలో దానికంటూ ఒక అధ్యాయం అమల్లోకి రావడానికి 2021 దాకా పట్టింది.

పీత రక్తానికి మరో పరిమితి ఉంది. అది ఎండోటాక్సిన్‌ను మాత్రమే పసిగడుతుంది. ఇతర బ్యాక్టీరియాల ముక్కల వల్ల, బూజు వల్ల వచ్చే జ్వరకారకాలు దానికి చిక్కవు. అందుకే టీకాలు, రక్త ఉత్పత్తుల వంటి వాటికి కుందేలే దిక్కయింది. అలాగని కుందేలూ అన్నింటికీ పనికిరాదు. జ్వరాన్ని తగ్గించే మందును దాని మీద పరీక్షిస్తే, కాలుష్యం ఉన్నా ఉష్ణోగ్రత పెరగకపోవచ్చు.

ఈ ఖాళీని పూడ్చింది మనిషి రక్తం. దాతల తెల్ల రక్తకణాలకు మందును కలిపి, జ్వరాన్ని పుట్టించే ఇంటర్‌ల్యూకిన్ వంటి సంకేతాలు ఎంత విడుదలయ్యాయో కొలుస్తారు. యూరోపియన్ ఫార్మకోపియా 2010లో ఈ పరీక్షను చేర్చుకుంది. గుర్తింపు పొందిన ప్రత్యామ్నాయం ఉన్నచోట జంతువును వాడరాదని యూరోపియన్ యూనియన్ నిర్దేశించిందీ అదే ఏడాది. అయినా కుందేళ్ల వాడకం ఆగలేదు. పరీక్ష గ్రంథంలో ఉండటం వేరు, ఒక్కో మందుకూ అది సరిపోతుందని తయారీదారు నిరూపించడం వేరు. కొన్ని టీకాలే ఆ రక్తకణాలను రెచ్చగొడతాయి. అలాంటప్పుడు సంకేతం కాలుష్యానిదో, టీకాదో విడదీయాలి. ఇందుకు ఖర్చు, సమయం, నియంత్రణ సంస్థ అనుమతి అన్నీ కావాలి. పాత పరీక్ష చట్టబద్ధంగా చెల్లుతున్నంతకాలం ఆ శ్రమ ఎవరు పడతారు? చివరికి 2024లో యూరోపియన్ ఫార్మకోపియా కమిషన్ తన గ్రంథంలోని 57 ప్రమాణాల నుంచి కుందేలు పరీక్షను తొలగించాలని నిర్ణయించింది. ఆ మార్పులు 2025 జులై నుంచి అమల్లోకి వచ్చాయి.

ఇది హైదరాబాద్ చుట్టుపక్కల టీకాలు, ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలకూ సంబంధించిన విషయమే. ఎగుమతి చేసే బ్యాచ్‌ను కొనే దేశం ప్రమాణాల ప్రకారం పరీక్షించాలి. కుందేలు పరీక్ష స్థానంలో ఎండోటాక్సిన్ పరీక్షనో, మనిషి రక్తకణాల పరీక్షనో వాడే వీలును 2018 నాటి ఇండియన్ ఫార్మకోపియా కల్పించింది. కానీ కొనే దేశాల్లో ఒక్కటైనా పాత పరీక్షనే కోరితే, తయారీదారు జంతుశాలను మూసేయలేడు.