సొంత వెబ్‌సైట్ ఫేస్‌బుక్ పేజీ లాంటిదేనా? సీఎంఎస్ గురించి అపోహలు - వాస్తవాలు

చీరల కొట్లవాళ్లు, పచ్చళ్లు అమ్మేవాళ్లు, చిన్న కాలేజీలు నడిపేవాళ్లు సొంత వెబ్‌సైట్ కావాలని మా దగ్గరికి వస్తుంటారు. అప్పటిదాకా వాళ్లు వాడింది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మాత్రమే. సైటు కట్టి అప్పగిస్తూ "ఇది వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది, దీన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా సీఎంఎస్" అని చెబుతాం. సరేనంటారు. నెల తిరిగేసరికి ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు వేరైనా ప్రశ్నలు మాత్రం అవే. సోషల్ మీడియాలో అలవాటైన పద్ధతి ఇక్కడ కూడా పనిచేస్తుందనుకోవడం వల్ల వచ్చే ప్రశ్నలవి. అందుకే వాటికి ఒకేచోట జవాబు రాస్తున్నాను. ఉదాహరణలన్నీ వర్డ్‌ప్రెస్‌వే. ద్రుపల్, జూమ్లా లాంటి వాటిలో పేర్లు మారతాయి, పని తీరు దాదాపు ఇదే.

అపోహ: సీఎంఎస్ అంటే మన పేరు పెట్టుకున్న ఫేస్‌బుక్ పేజీ.

వాస్తవం: రాసే పెట్టె చూస్తే అలాగే అనిపిస్తుంది. టైటిల్ కొట్టి, ఫోటో పెట్టి, పబ్లిష్ నొక్కుతారు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది.

ఫేస్‌బుక్‌లో మీరు రాసింది వాళ్ల కంప్యూటర్లలోకి వెళ్తుంది. అది ఎలా కనిపించాలో, ఎవరికి ముందు చూపించాలో వాళ్లే నిర్ణయిస్తారు. సీఎంఎస్ అలా కాదు. అది మీరు అద్దెకు తీసుకున్న హోస్టింగ్‌లో, అంటే సైటు ఫైళ్లు ఉండే కంప్యూటర్‌లో, మీ కోసం నడిచే సాఫ్ట్‌వేర్. వర్డ్‌ప్రెస్‌ను 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా దింపుకుని తమ హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చు.

మంగళగిరి చీరలు అమ్మే ఒక కొట్టు ఉందనుకోండి. కొత్తగా వచ్చిన నూలు చీర గురించి రాసి, ఫోటో పెట్టి పబ్లిష్ నొక్కారు. అక్కడ పేజీ అంటూ ఏదీ తయారై కూర్చోదు. మీరు ఇచ్చినదాన్ని సీఎంఎస్ విడదీస్తుంది. రాసిన మాటలు డేటాబేస్‌లో `wp_posts` అనే పట్టికలో ఒక వరుసగా చేరతాయి. అందులో కొంత భాగం ఇలా ఉంటుంది:

```
post_title:  మంగళగిరి నూలు చీర
post_status: publish
post_name:   mangalagiri-cotton-saree
```

ఫోటో అందులోకి వెళ్లదు. అది విడిగా ఒక ఫైలుగా `wp-content/uploads` అనే ఫోల్డర్‌లో, ఆ ఏడాది, ఆ నెల పేరున్న చోట పడుతుంది. ఇక రంగులు, అక్షరాల సైజు, పైన లోగో ఎక్కడ, ధర ఎక్కడ అన్న సంగతులు మూడో చోట ఉంటాయి. దాన్నే థీమ్ అంటారు. కస్టమర్ లింకు నొక్కిన క్షణంలో సీఎంఎస్ ఈ మూడింటినీ తెచ్చి, కలిపి, పేజీగా కూర్చి పంపిస్తుంది. శుభలేఖల ప్రెస్సులో మోడల్ కార్డు వేరు, మనం రాసిచ్చే పేర్లు, ముహూర్తం వేరు కదా, అలాగన్నమాట.

ఈ విడదీయడంలోనే అసలు లాభం ఉంది. కొట్టు ఫోన్ నంబరు మారిందనుకోండి. ఫేస్‌బుక్‌లో పాత పోస్టుల్లో రాసిన నంబర్లను ఒక్కొక్కటిగా తెరిచి దిద్దుకోవాలి. ఇక్కడ నంబరు పేజీ అడుగున ఉండే ఫుటర్‌లో ఒక్కచోటే ఉంటుంది. అక్కడ మార్చితే సైటులో ఉన్న రెండు వందల చీరల పేజీల్లోనూ మారిపోతుంది. నంబర్ని ప్రతి చీర వివరంలోనూ చేత్తో కొడితే మాత్రం ఈ లాభం పోతుంది. ఫేస్‌బుక్ అలవాటుతో చాలామంది చేసేది అదే.

మరో మాట. "నాకు మారినట్టే కనిపిస్తోంది, కస్టమర్లకేమో పాత నంబరే వస్తోందట" అని ఫోన్ వస్తే, అది చాలావరకు క్యాష్ వల్లే. ప్రతిసారీ పేజీ కూర్చడం ఆలస్యమని, ఒకసారి కూర్చిన పేజీని క్యాష్ ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రాం దాచిపెట్టి అందరికీ అదే ఇస్తుంది. లాగిన్ అయి ఉన్నవాళ్లకు మాత్రం సాధారణంగా తాజాగా కూర్చి చూపిస్తుంది. మార్పు చేశాక ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. పాతదే కనిపిస్తే డ్యాష్‌బోర్డులో క్యాష్ క్లియర్ చేయండి.

అపోహ: డిజైన్ మారిస్తే రాసిందంతా పోతుంది.

వాస్తవం: పోదు. థీమ్ మార్చినా `wp_posts`లో ఒక్క అక్షరం కదలదు. అవే మాటలను కొత్త థీమ్ తన పద్ధతిలో చూపిస్తుంది.

దీనికో హద్దు ఉంది. కొన్ని థీమ్‌లు, పేజీ బిల్డర్లు తమకే అర్థమయ్యే గుర్తులను మీ రాత మధ్యలో చొప్పిస్తాయి. ఆ థీమ్ తీసేసిన రోజు ధరల పట్టిక ఉండాల్సిన చోట `[price_table id="3"]` అని పచ్చిగా బయటపడుతుంది. అందుకే థీమ్ కొనే ముందు ఒక పరీక్ష చేస్తే మంచిది. ఒక పోస్టు రాసి, వర్డ్‌ప్రెస్‌తో పాటు వచ్చే మామూలు థీమ్‌కు మార్చి, ఆ పోస్టు తెరిచి చూడండి. చదవడానికి వీలుగా ఉంటే మీ రాత థీమ్‌కు కట్టుబడి లేనట్టే. చదరపు బ్రాకెట్లు కనిపిస్తే, రేపు డిజైన్ మార్చాలంటే ప్రతి పేజీనీ మళ్లీ దిద్దాల్సి వస్తుందని అర్థం.

అపోహ: పోస్టు డిలీట్ చేస్తే ఫోటో, పీడీఎఫ్ కూడా పోతాయి.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరిగే నష్టం చాలా పెద్దది, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఒక కాలేజీ ఫలితాల నోటీసు పెట్టింది. దానికి జోడించిన పీడీఎఫ్‌లో విద్యార్థుల పేర్లు, మార్కులతో పాటు పొరపాటున తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. ఎవరో చెప్పగానే పోస్టును ట్రాష్‌లో వేశారు. సైటులో నోటీసు కనిపించడం ఆగిపోయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ పీడీఎఫ్ లింకు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాన్ని నొక్కితే ఫైలు చక్కగా తెరుచుకుంటూనే ఉంది.

కారణం పైన చెప్పిందే. పోస్టు డేటాబేస్‌లో ఒక వరుస, పీడీఎఫ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు. వరుసను తీసేస్తే ఫైలు దానంతట అది పోదు. నిజానికి వరుస కూడా వెంటనే పోదు. ట్రాష్‌లో వేసింది మామూలుగా 30 రోజులు అక్కడే ఉండి, ఆ తర్వాతే చెరిగిపోతుంది. ఫైలును తీసేయాలంటే డ్యాష్‌బోర్డులో మీడియా లైబ్రరీకి వెళ్లి, ఆ ఫైలును వెతికి శాశ్వతంగా తొలగించాలి. తర్వాత లాగ్ అవుట్ అయి, పాత లింకు నొక్కి నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి.

పోస్టు ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది కాబట్టి ఫైలు ఎవరికీ కనిపించదనుకోవడం కూడా ఇలాంటిదే. అప్‌లోడ్ చేసిన క్షణం నుంచే ఫైలుకు సొంత లింకు ఉంటుంది, అది తెలిసినవాళ్లెవరైనా తెరవగలరు. పోస్టుకు పాస్‌వర్డ్ పెట్టినా ఫైలుకు ఆ కాపలా వర్తించదు. ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు, బ్యాంకు వివరాలు ఉన్న కాగితాలను మీడియా లైబ్రరీలోకి ఎక్కించకపోవడమే దీనికి మందు.

ఫోటోల విషయంలో ఇంకో మెలిక ఉంది. మీరు ఎక్కించేది ఒక్క ఫోటోనే అయినా, ఫోన్లకూ కంప్యూటర్లకూ సరిపోయేలా వర్డ్‌ప్రెస్ దాన్ని రకరకాల సైజుల్లో కాపీలు చేసి పెట్టుకుంటుంది. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి ఒక ఫైలును చెరిపితే మిగతా కాపీలు అలాగే ఉంటాయి. మీడియా లైబ్రరీ నుంచి తొలగిస్తే అన్నీ కలిసి పోతాయి. అయితే అదే ఫోటోను మరో నాలుగు పేజీల్లో వాడి ఉంటే, అక్కడా ఖాళీ పడుతుంది. కాబట్టి తీసేముందు ఎక్కడెక్కడ వాడారో చూసుకోండి.

అపోహ: అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే పని సులువు.

వాస్తవం: ఆ అవసరమే లేదు. వర్డ్‌ప్రెస్‌లో మనుషుల్ని బట్టి అధికారాలు వేరువేరుగా ఇవ్వొచ్చు. కంట్రిబ్యూటర్ రాయగలరు గానీ పబ్లిష్ చేయలేరు, ఫోటోలు ఎక్కించలేరు. ఆథర్ తాను రాసింది తానే పబ్లిష్ చేయగలరు. ఎడిటర్ అందరి రాతలనూ దిద్దగలరు. థీమ్‌లు, ప్లగిన్‌లు ముట్టుకునే హక్కు అడ్మినిస్ట్రేటర్‌ది. కొట్లో చీరల వివరాలు ఎక్కించే అమ్మాయికి ఆథర్ చాలు. ఆమె పని మానేస్తే ఆ ఒక్క ఖాతా తీసేయండి, రాసిన పోస్టులను చెరపాలా, మరొకరి పేరుకు మార్చాలా అని వర్డ్‌ప్రెస్సే అడుగుతుంది.

అపోహ: టైటిల్ తెలుగులో పెడితే లింకు కూడా దానంతట అదే బాగుంటుంది.

వాస్తవం: ఇది తెలుగులో రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. సోషల్ మీడియాలో లింకు ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మీ టైటిల్ నుంచే లింకు తయారవుతుంది. తెలుగు అక్షరాలు లింకులోకి నేరుగా వెళ్లవు, ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాల కోడ్‌గా మారుతుంది. ఒత్తు, గుణింతం, సున్నా కూడా వేరే గుర్తులే. "మంగ" అన్న మూడు గుర్తులు ఇలా అవుతాయి:

```
%e0%b0%ae%e0%b0%82%e0%b0%97
```

డేటాబేస్‌లో దీనికి కేటాయించిన చోటు 200 అక్షరాలు. అంటే దాదాపు ఇరవై రెండు తెలుగు గుర్తులకే నిండిపోతుంది. "మంగళగిరి నూలు చీరలను ఇంట్లో ఉతికే పద్ధతి" అని టైటిల్ పెడితే, లింకు "మంగళగిరి-నూలు-చీరలను-ఇంట" దగ్గర తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తులన్నీ బారుగా కనిపించి, ఇదేదో మోసపు లింకని జనం నొక్కడం మానేస్తారు.

టైటిల్‌ను తెలుగులోనే ఉంచండి, దాన్ని మార్చాల్సిన పనిలేదు. ఎడిటర్‌లో కుడివైపు స్లగ్ అనే చోట మాత్రం `mangalagiri-cotton-wash` అని చిన్నగా మీరే కొట్టండి. ఈ పని పబ్లిష్ నొక్కక ముందే చేయాలి. లింకు నలుగురికీ వెళ్లాక మారిస్తే చిక్కులొస్తాయి.

అపోహ: ఒకసారి పెడితే అక్కడే భద్రంగా ఉంటుంది.

వాస్తవం: ఫేస్‌బుక్‌లో కంప్యూటర్లు చూసుకునే మనుషులు వాళ్లకున్నారు. ఇక్కడ ఆ బాధ్యత మీది, లేదా మీరు డబ్బిచ్చి పెట్టుకున్నవాళ్లది. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్‌లకు అప్‌డేట్లు వస్తాయి. వాటిని వదిలేసిన సైట్లలోకే ముందుగా బయటివాళ్లు దూరతారు. డొమైన్‌కు, అంటే సైటు పేరుకు, హోస్టింగ్‌కు విడివిడిగా రెన్యువల్ ఉంటుంది. ఏది ఆగినా సైటు కనిపించదు.

బ్యాకప్ తీశామని చెప్పేవాళ్లను ఏం తీశారని అడిగితే, చాలామంది టూల్స్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి తెచ్చుకున్న ఫైలు చూపిస్తారు. అందులో మాటలు ఉంటాయి, ఫోటోల లింకులు ఉంటాయి, ఫోటోలు ఉండవు. పూర్తి బ్యాకప్ అంటే డేటాబేస్ కాపీ, `wp-content` ఫోల్డర్ కాపీ, రెండూ. అవి కూడా అదే హోస్టింగ్‌లో కాకుండా వేరేచోట ఉండాలి.

బ్యాకప్ పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలంటే ఖాళీ వర్డ్‌ప్రెస్‌లో తిరిగి ఎక్కించి చూడాలి. అన్ని పేజీలూ ఫోటోలతో సహా కనిపించాయని అక్కడితో ఆగిపోకండి. పాత సైటు ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ ఫోటోలు అక్కడి నుంచే వస్తూ ఉండొచ్చు. ఒక ఫోటో మీద రైట్ క్లిక్ చేసి కొత్త ట్యాబ్‌లో తెరవండి. పైన అడ్రస్‌లో పాత సైటు పేరు కనిపిస్తే, ఫోటో ఇంకా అక్కడి నుంచే వస్తోందని, డేటాబేస్‌లో పాత అడ్రస్ ఉన్నచోట కొత్తది మార్చాలని, అప్పుడు ఫోటోలు కనిపించకపోతే ఫోల్డర్‌ను కూడా మళ్లీ తెచ్చుకోవాలని అర్థం.