బంతితో ముందుకు నడిచే స్టాపర్

పిల్లలూ,

ఫుట్‌బాల్‌లో గోల్ ముందు కాపలా కాసే స్టాపర్ బంతి తీసుకుని మిడ్‌ఫీల్డ్‌లోకి ఎందుకు వెళ్తాడు, గోల్ వదిలేసి పోవడం తప్పు కాదా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

2023 జూన్ 10న ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ మళ్లీ పెట్టుకుని 68వ నిమిషం చూడండి. ఇంటర్ మిలాన్ మీద మాంచెస్టర్ సిటీ కొట్టిన ఒకే ఒక గోల్ అది. అందరూ రోడ్రి షాట్ చూస్తారు, మీరు మాత్రం కొన్ని సెకన్లు వెనక్కి జరపండి. బంతి అకాంజి దగ్గర ఉంటుంది. అసలు అతను సిటీ సెంటర్ బ్యాక్, అంటే మనం స్టాపర్ అనేవాడే. బంతిని తోసుకుంటూ ముందుకొచ్చి, ఇంటర్ ఆటగాళ్ల మధ్య నుంచి బెర్నార్డో సిల్వా పరుగుకి అందేలా పెనాల్టీ బాక్సులోకి జార్చాడు. బెర్నార్డో వెనక్కిచ్చిన బంతి ఒకరికి తగిలి రోడ్రి ముందు పడింది.

కిటుకు పాస్‌లో కన్నా ఆ నడకలోనే ఎక్కువ ఉంది. అవతలి జట్టు ఫార్వర్డ్‌లు ఒక వరస, మిడ్‌ఫీల్డర్లు ఒక వరస, డిఫెండర్లు ఒక వరస. ఎవరి చోట వాళ్లు నిలబడి ఉంటే సందు ఉండదు. మీరు మొదటి వరస దాటి బంతితో నడిచి వస్తుంటే రెండో వరసలో ఒకడికి చిక్కు వచ్చి పడుతుంది. మీ మీదికి వస్తే వాడి వెనక చోటు ఖాళీ అవుతుంది, రాకపోతే మీరు ఇంకా ముందుకు వస్తారు. కాబట్టి వాడు కదిలేదాకా పాస్ ఇవ్వకండి. కదలగానే, వాడు ఎవరిని వదిలేసి వచ్చాడో వాళ్లకే ఇవ్వండి. తొందరపడి ముందే ఇచ్చేస్తే ఇంకా ఎవరూ కదల్లేదు కనుక అందుకున్నవాడి వీపు మీద వాడిని కాపు కాసే మార్కర్ అలాగే ఉంటాడు.

పాస్ గట్టిగా, నేల మీదే పోవాలి. మార్కర్‌కి దూరంగా ఉన్న కాలికి ఇవ్వాలి. అందుకునేవాడి భుజాలు కూడా చూడండి. సగం తిరిగి నిలబడి ఉంటే బంతి పట్టుకుని గోల్ వైపు తిరుగుతాడు. పూర్తిగా మీవైపే తిరిగి ఉంటే మళ్లీ మీకే ఇస్తాడు, అందులో నష్టమేమీ లేదు.

ఇక మీరడిగిన కాపలా సంగతి. బయలుదేరే ముందు అవతలి ఫార్వర్డ్‌లను లెక్కపెట్టండి. ఇద్దరుంటే మన వెనక ముగ్గురు ఉండాలి. లేకపోతే మిడ్‌ఫీల్డర్‌ని మీ చోటికి దిగమని కేకేయండి. ఒకసారి కాలేజీ మ్యాచ్‌లో నేను లెక్క చూసుకోకుండా నడిచాను. ఎదురుగా దారి మూసుకుపోతే కంగారుపడి పక్కకి అడ్డంగా మెత్తటి పాస్ ఇచ్చాను. మధ్యలో వాళ్ల ఫార్వర్డ్ అందుకున్నాడు, నేను తిరిగేలోపు మా గోల్‌కీపర్ నెట్‌లోంచి బంతి తీస్తున్నాడు. దారి మూసుకుంటే గోల్‌కీపర్‌కైనా ఇవ్వండి గానీ అడ్డం పాస్ వద్దు.

ఆదివారం వచ్చినప్పుడు గ్రౌండ్‌లో చేసి చూద్దాం. బూట్లు మర్చిపోకండి.

మీ పెదనాన్న