బయోటిన్ ఆపి చేయించిన పరీక్ష

మా వదిన జడ ఏడాదిలో సగమైంది. దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను ఉండ చేసి చూపించి మరీ బాధపడేది. "హిమోగ్లోబిన్ 12.4 ఉంది, రక్తానికేం లోటు లేదు" అని ఇంట్లో అందరూ సర్దిచెప్పారు. కానీ వంటింటి డబ్బాలో బియ్యం ఉన్నంత మాత్రాన గాదె నిండుగా ఉన్నట్టు కాదు కదా. శరీరంలో ఇనుము తగ్గుతుంటే ముందు ఖాళీ అయ్యేది నిల్వలే, హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. ఆ నిల్వల లెక్క చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండే ఆడవాళ్లలో ఇది తరచుగా తక్కువే ఉంటుంది.

వదిన రిపోర్టులో ఫెరిటిన్ 9, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 0.2. టీఎస్‌హెచ్ అంత తక్కువంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమోనని అనుమానించాలి, దానివల్లా జుట్టు రాలుతుంది. అయితే గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, బరువూ తగ్గలేదు. డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి, "జుట్టుకని ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. వేసుకుంటోంది, రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్.

చిక్కంతా అక్కడే ఉంది. చాలా ల్యాబ్ కిట్లలో బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలో అది ఎక్కువైతే ఆ జిగురు పట్టాల్సిన చోటును ఆక్రమిస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, థైరాయిడ్ హార్మోనైన టీ4 లేనంత ఎక్కువగా కనిపించవచ్చు. అమెరికాలోని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. కొన్ని కిట్లలో ఫెరిటిన్ కూడా ఇలాగే తగ్గినట్టు చూపిస్తుంది. అందుకే పరీక్షకు కనీసం రెండు రోజులు, డోసు పెద్దదైతే ఇంకాస్త ముందు నుంచి డాక్టర్‌కి చెప్పి బయోటిన్ ఆపాలి. వదిన వారం ఆపి మళ్లీ చేయించుకుంది. టీఎస్‌హెచ్ 2.1, ఫెరిటిన్ 11. థైరాయిడ్ గొడవ తేలిపోయింది, ఇనుము కొరత మాత్రం నిజమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే కొరతే. ల్యాబ్ ఇచ్చే కింది హద్దు ఒక్కోచోట ఇంకా తక్కువ ఉంటుంది కాబట్టి రిపోర్టులో గుర్తు పడకపోవచ్చు. జుట్టు కోసం 40 దాటాలనే డాక్టర్లున్నారు, దానిపై ఏకాభిప్రాయం లేదు. ఇంకో సంగతి, జ్వరం, ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తానే పెరిగి కొరతను దాచేస్తుంది. అందుకే కొందరు డాక్టర్లు ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ పరీక్ష కూడా రాస్తారు.

విటమిన్ డి 14 వచ్చింది. అది ఎముకల కోసం సరిచేసుకోవాల్సిందే, జుట్టు విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు. 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి రాస్తే, రోజూ తాగేసి కాల్షియం పెరిగి వాంతులతో ఆసుపత్రి పాలయ్యేవాళ్లూ ఉన్నారు.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, టీకి దూరంగా వేసుకోమన్నారు. నాలుగు నెలలకు దువ్వెనలో ఉండ చిన్నదైంది. నడినెత్తిన పాపిడి మాత్రం వెడల్పుగానే ఉండిపోయింది. అది వంశపారంపర్యంగా పలచబడటం, ఏ రక్త పరీక్షకూ అందదు. దానికి డాక్టరమ్మ ఇప్పుడు జుట్టు పెరిగేందుకు వాడే మినాక్సిడిల్ మందు మొదలుపెట్టారు.