స్లంప్ కోన్, మూడు క్యూబులు: సైట్లో మొదటి రోజు

ప్లాంటు నుంచి కాంక్రీటు తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ బండి వచ్చి ఆగగానే, ఆ రోజే డ్యూటీలో చేరిన ఇంజనీరమ్మాయి ట్రే తీసుకుని చ్యూట్ దగ్గరికి నడిచింది. ఫోర్‌మన్‌గా చేస్తున్న పెద్ద మేస్త్రి ఆపాడు.

"ఆగండమ్మా, మొదట పడేది వద్దు. కాస్త పోనివ్వండి."

డ్రమ్ములోంచి మొట్టమొదట జారే మాలు, చివర్లో గీరుకుంటూ వచ్చే మాలు బండి మొత్తానికి ప్రతినిధులు కావు. ఒకచోట కంకర ఎక్కువ పడొచ్చు, ఇంకోచోట గుజ్జు ఎక్కువ రావచ్చు. అందుకే మేస్త్రి డ్రమ్మును కాసేపు వేగంగా తిప్పించి, కొంత మాలు వదిలేశాక, మధ్యలో విడివిడిగా రెండు మూడుసార్లు పట్టమన్నాడు. పట్టినదంతా ట్రేలో పోసి పారతో మళ్లీ కలిపించాడు. పరీక్ష ఎంత జాగ్రత్తగా చేసినా శాంపిల్ తప్పయితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

కోన్ ఎత్తేశాక కాంక్రీటు ముద్ద ఎంత కుంగిందో అదే స్లంప్. దాన్ని కొలిచే స్లంప్ కోన్ చూడటానికి చాలా మామూలు వస్తువు. రెండు వైపులా తెరిచి ఉండే ఇనుప గొట్టం, ఎత్తు 300 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పు 200, పైన 100. దానితో పాటు 16 మిల్లీమీటర్ల లావు, 600 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీ, కొస గుండ్రంగా నున్నగా ఉంటుంది. మేస్త్రి కోన్ లోపలి భాగాన్ని, కింది ఇనుప పలకను తడిగుడ్డతో తుడిచాడు. పొడిగా ఉంటే కాంక్రీటు కోన్‌కు అంటుకుని స్లంప్ తక్కువ చూపిస్తుంది, నీళ్లు నిలిచి ఉంటే ఎక్కువ చూపిస్తుంది. తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు. పలక కూడా మట్టసంగా ఉండాలి, దగ్గర్లో వైబ్రేటర్ నడవకూడదు.

ఆమె కోన్ చెవుల మీద రెండు కాళ్లూ గట్టిగా మోపి నిలబడింది. మూడోవంతు నింపడం, కడ్డీతో 25 పోట్లు పొడవడం, మళ్లీ నింపడం. రెండో పొర పొడిచేటప్పుడు కడ్డీ కింది పొరలోకి కొద్దిగా దిగాలి, అప్పుడే రెండూ కలుస్తాయి. మూడో పొర అయ్యాక పైన కడ్డీతోనే చదును చేసి, కోన్ చుట్టూ కింద పడిన మాలును శుభ్రం చేసింది. తర్వాత కోన్ ఎత్తింది. కాంక్రీటు ముద్దలో సగభాగం ఒక పక్కకు జారిపోయింది.

"ఇది లెక్కలోకి రాదమ్మా," అన్నాడు మేస్త్రి. ఇలా పక్కకు తెగి జారితే దాన్ని షియర్ స్లంప్ అంటారు. అప్పుడు కొలత తీసుకోకుండా కొత్త మాలుతో మళ్లీ చేయాలి. రెండోసారీ అలాగే జారితే తప్పు చేతిది కాదు, ఆ మిశ్రమానికే పట్టు లేదని అర్థం. ఇసుక చాలకపోయినా, కంకర మరీ ముతకగా ఉన్నా అలా జరుగుతుంది. ఇక్కడ మాత్రం ఆమె కోన్‌ను కొంచెం తిప్పుతూ ఎత్తడం మేస్త్రి చూశాడు. నిటారుగా, ఊపు లేకుండా, ఐదు సెకన్లకు అటూ ఇటూగా ఎత్తాలి. నింపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి కోన్ ఎత్తేదాకా మొత్తం రెండున్నర నిమిషాల్లో అయిపోవాలి.

రెండోసారి ముద్ద నాలుగు వైపులా సమంగా కుంగింది. పక్కనే కోన్‌ను బోర్లించి, దాని మీద కడ్డీ అడ్డంగా పెట్టి, కడ్డీ అడుగు నుంచి ముద్ద శిఖరం దాకా ఆమె కొలిచింది. 110 మిల్లీమీటర్లు. ఆ పనికి ఆర్డరిచ్చింది 100, అటూ ఇటూ 25 వరకు సరే. బండిని లోపలికి పంపారు.

రెండో బండి అదే ప్లాంటు నుంచి, అదే మిశ్రమంతో, దాదాపు అంతే సమయంలో వచ్చింది. దాని స్లంప్ 165.

ఆ రోజు ఆమె నేర్చుకున్న అసలు విషయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. స్లంప్ పరీక్ష బలాన్ని కొలవదు. ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, అంతే. అదనంగా నీళ్లు కలపకుండా, అడ్మిక్చర్ అనే రసాయనం మోతాదుతోనే 165 స్లంప్ తెప్పించవచ్చు, ఆ కాంక్రీటు గట్టిగానే ఉంటుంది. కాబట్టి బలం విషయంలో 165 అనే అంకె దానంతటది తప్పు కాదు. ఒకే మిశ్రమంలో, ఒక బండికీ ఇంకో బండికీ ఇంత తేడా ఎందుకొచ్చిందన్నదే ప్రశ్న. మేస్త్రి ముందు డెలివరీ చలాన్ చూశాడు, అడ్మిక్చర్ మోతాదు మొదటి బండికి ఎంతో దీనికీ అంతే. తర్వాత బండి వెనకాల నీళ్ల ట్యాంకు మట్టం చూశాడు. డ్రైవర్‌ని అడిగితే, దారిలో మాలు బిగుసుకుపోతుందేమోనన్న టెన్షన్‌తో కాసిని నీళ్లు వదిలానన్నాడు.

కాసిని అంటే ఎన్ని? దీనికి సైట్లలో వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. ఘనమీటరు కాంక్రీటులో 5 లీటర్ల నీళ్లు పెరిగితే స్లంప్ సుమారు 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బలం చదరపు మిల్లీమీటరుకు ఒకటి, ఒకటిన్నర న్యూటన్ల దాకా తగ్గుతుంది. ఇక్కడ మొదటి బండితో పోలిస్తే తేడా 55. అంటే ఘనమీటరుకు 11 లీటర్లు, ఆరు ఘనమీటర్ల బండిలో 66 లీటర్లు. చలాన్ ప్రకారం ఘనమీటరుకు సిమెంటు 350 కిలోలు, నీళ్లు 165 లీటర్లు. అంటే సిమెంటు బరువుతో నీటి నిష్పత్తి 0.47. ఇప్పుడు నీళ్లు 176 అయ్యాయి కాబట్టి అది 0.50. బలంలో రెండు మూడు న్యూటన్లు పోయినట్టే.

నీళ్లు పెరిగితే బలం ఎందుకు తగ్గుతుంది? సిమెంటు రసాయనికంగా తనలో కలుపుకునే నీళ్లు దాని బరువులో నాలుగోవంతుకు అటూ ఇటూగా ఉంటాయి. 50 కిలోల బస్తాకు 12 లీటర్లు అనుకోవచ్చు. గట్టిపడిన సిమెంటు జిగురులోని అతి సన్నని రంధ్రాలు ఇంకొంత పట్టి ఉంచుతాయి. మిగతా నీళ్లు మనం పోయడానికి వీలుగా ఉండేందుకే. పని అయ్యాక అవి మెల్లగా వెళ్లిపోతాయి, అవి ఉన్న చోట ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలే కాంక్రీటు బలహీనత. ఈ నిష్పత్తికీ బలానికీ ఉన్న సంబంధాన్ని 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ సూత్రంగా ప్రకటించాడు. స్లంప్ కోన్‌ను చాలామంది ఇప్పటికీ ఏబ్రమ్స్ కోన్ అనే పిలుస్తారు.

ఆ బండిని వెనక్కి పంపించారు. స్లంప్ మరీ తక్కువగా వచ్చి ఉంటే మేస్త్రి వెంటనే పంపేవాడు కాదు. ప్లాంటు వాళ్లతో మాట్లాడి, అనుమతించిన మోతాదులో అడ్మిక్చర్ వేయించి, డ్రమ్మును తిప్పించి మళ్లీ కొలిచేవాడు. ఎక్కువైన నీళ్లను మాత్రం డ్రమ్ములోంచి వెనక్కి తీసే దారి లేదు.

ఈ మధ్యలో మొదటి బండి శాంపిల్‌తో, తర్వాత ల్యాబులో నలిపి బలం చూసేందుకు క్యూబులు పోయాల్సి వచ్చింది. 150 మిల్లీమీటర్ల ఇనుప మోల్డులకు లోపల పల్చగా నూనె రాసి, మూలల్లో బోల్టులు బిగించారు. వదులుగా ఉంటే ఆ సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి, క్యూబు అంచులు గుల్లబారతాయి. మూడు పొరలుగా నింపాలి, ఒక్కో పొరకు కనీసం 35 పోట్లు. తర్వాత రబ్బరు సుత్తితో మోల్డు పక్కల్ని తట్టితే, కడ్డీ వదిలిన రంధ్రాలు పూడిపోయి గాలి బుడగలు పైకి వస్తాయి. రెండో మోల్డు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి నొప్పెట్టి పోట్లు తేలిపోతున్నాయి. మేస్త్రి కడ్డీ అందుకుని మిగతావి తనే పొడిచాడు, పొడుస్తూనే తన దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాడు.

అది ఎం25 కాంక్రీటు. 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు తట్టుకోవాలి. బండికీ బండికీ హెచ్చుతగ్గులు తప్పవు కాబట్టి ప్లాంటు వాళ్లు సగటు 31 దాకా వచ్చేలా తయారు చేస్తారు. ల్యాబులో మూడు క్యూబులు నలిపితే 31.2, 30.4, 22.6 వచ్చాయి. స్లాబు పోయిందని అందరూ కంగారు పడ్డారు.

"నేను రిజిస్టర్లో బరువులు చూడమన్నానమ్మా. రెండు ఎనిమిది కిలోల పైన ఉన్నాయి, మూడోది ఏడు కిలోల ఏడొందలు."

ఆ క్యూబు ఘనపరిమాణం ఎప్పుడూ ఒకటే. బాగా దట్టించిన కాంక్రీటు అయితే ఒక్కోటి దాదాపు 8.1 కిలోలు తూగుతుంది. మూడోది 5 శాతం తేలిక. అంటే అందులో అంత గాలి మిగిలిపోయింది. కాంక్రీటులో 5 శాతం ఖాళీ ఉంటే బలం 30 శాతం దాకా పడిపోతుంది. 31 రావాల్సింది 22.6కు దిగడానికి ఆ లెక్క దాదాపు సరిపోయింది. పైగా మూడింటి సగటు 28.1 అయితే, ఏ క్యూబూ దానికి 15 శాతం మించి దూరంగా ఉండకూడదు. 22.6 దాదాపు 20 శాతం దూరంలో ఉంది. అలాంటప్పుడు ఆ జట్టు ఫలితమే చెల్లదు. లోపం స్లాబులో ఉందని ఆ క్యూబుతో తేల్చలేం, బాగుందనీ తేల్చలేం. తక్కువ వచ్చినదాన్ని పక్కనపెట్టి మిగతా రెంటితో పాస్ చేయడం కూడా కుదరదు. చివరికి స్లాబును గుండ్రంగా తొలిచి, కోర్లు అనే స్థూపాకారపు ముక్కలు తీసి పరీక్షించాల్సి వచ్చిందట.

క్యూబు విషయంలో పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుందని నాకు అనిపిస్తుంది. సరిగ్గా దట్టించకపోతే, ఎండలో వదిలేస్తే, పచ్చిగా ఉండగా కదిలిస్తే, నొక్కే ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే బలం తగ్గుతుందే గాని పెరగదు. మంచి కాంక్రీటుకు చెడ్డ పేరు తేవడం చాలా సులువు.

పోసిన క్యూబుల మీద తడి గోనెపట్టా కప్పి, ఎవరూ తన్నకుండా నీడలో పెట్టించారు. 24 గంటలయ్యాక మోల్డు విప్పి, నంబరు రాసి, నీళ్ల తొట్టిలో వేయాలి. పరీక్ష రోజున తడి ఆరకముందే మెషిన్‌లో పెట్టాలి, తాపీతో చదును చేసిన ముఖం పక్కకు ఉండాలి. మోల్డుకు ఆనుకున్న నున్నటి ముఖాల మీదే బరువు పడాలి.

"మరి ఈ క్యూబు తొట్టిలో హాయిగా ఉంటుంది, స్లాబు ఎండలో ఉంటుంది. రెండింటి బలం ఒకటే ఎలా అవుతుంది మేస్త్రీ గారూ?" అని ఆమె అడిగింది.

ఒకటి కాదు. క్యూబు చెప్పేది, బండిలో వచ్చిన కాంక్రీటు మంచి పరిస్థితుల్లో ఎంత బలం చేరుకోగలదో. స్లాబులో ఆ బలం వస్తుందా లేదా అన్నది వైబ్రేటర్ పెట్టిన చేతిమీద, తర్వాత రోజుల్లో నీళ్లు పట్టడం మీద ఆధారపడుతుంది. అందుకే స్లాబు నుంచి తీసిన కోర్ల సగటు క్యూబుకు నిర్దేశించిన బలంలో 85 శాతం ఉంటే, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే, ఒప్పుకుంటారు.

కోర్ తీయాలంటే ఎక్కడ తీయాలో తెలియాలి. మేస్త్రి ఆమె చేత రిజిస్టర్లో బండి నంబరు, ప్లాంటులో నింపిన సమయం, దించిన సమయం, స్లంప్, క్యూబు నంబర్లు రాయించాడు. వాటి ఎదురుగా, ఆ బండి మాలు ఏ స్తంభాల మధ్య ఏ భాగంలో పడిందో గ్రిడ్ లైన్లతో సహా రాయమన్నాడు. వెనక్కి పంపిన బండికి కూడా ఒక వరుస కేటాయించి, 165 అని, కారణం రాసి, డ్రైవర్ సంతకం తీసుకున్నారు.