కందిపప్పు టెండర్‌కు రేటు కట్టడం: అపోహలు – వాస్తవాలు

హాస్టళ్లకు, గురుకులాలకు పప్పులు సప్లై చేసే టెండర్లలో తక్కువ కోట్ వేసినవాళ్లకే ఆర్డర్. కిలోకు రెండు మూడు రూపాయలు మిగిలితే అదే లాభం. ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది మిల్లు దగ్గర బేరం ఆడటం రాక కాదు, మిల్లు గేటు దాటాక అయ్యే ఖర్చును తక్కువగా అంచనా వేయడం వల్ల. అందుకే ఒకే ఉదాహరణ తీసుకుని మొత్తం లెక్క చూద్దాం. జూన్ నుంచి పది నెలల పాటు, ఒక జిల్లాలోని 30 హాస్టళ్లకు కలిపి 40 టన్నుల కందిపప్పు ఇవ్వాలి. టెండర్ మే నెలలో పడింది. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే, మీ ఊరి రేట్లు పెట్టుకుని మళ్లీ కట్టుకోండి.

అపోహ: మిల్లు రేటు మీద రవాణా, రెండు మూడు శాతం లాభం వేసుకుంటే కోట్ అయిపోయినట్టే.

వాస్తవం: మిల్లు రేటు కిలో 118 రూపాయలు అనుకుందాం. మన గోడౌన్ వరకు లారీ కిరాయి 1.40. ఎక్కించడానికీ దించడానికీ హమాలీ 0.50. సంచులు, మళ్లీ తూకం వేసి కుట్టించడం 0.80. గోడౌన్ నుంచి 30 హాస్టళ్లకు ప్రతినెలా చిన్న బండిలో చేర్చడం 2.20. చాలామంది తక్కువగా వేసేది ఇక్కడే. ఒక్కో హాస్టల్‌కు నెలకు సుమారు 130 కిలోలే వెళ్తాయి. బండి సగం ఖాళీగా తిరిగినా కిరాయి మాత్రం తగ్గదు. తరుగుకు 0.35, శాంపిల్ టెస్టులకూ వెనక్కి పంపే సరుకుకూ 0.60. మొత్తం 123.85 అయింది.

ఇక బిల్లు. మిల్లువాళ్లకు డబ్బు వారంలో కట్టాలి, ఆఫీసు నుంచి మనకు రావడానికి నాలుగు నెలలు పడుతుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద 12 శాతం వడ్డీ అయితే కిలోకు 4.95. సెక్యూరిటీ డిపాజిట్ 5 శాతం ఎఫ్‌డీ రూపంలో ఏడాదికి పైగా ఇరుక్కుంటుంది. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీకీ మనం కట్టే వడ్డీకీ తేడా మరో 0.40. ఇప్పుడు 129.20. దాని మీద 2.60 లాభం వేసుకుంటే కోట్ 131.80.

ఇందులో వడ్డీ మన లాభానికి దాదాపు రెట్టింపు ఉంది. బిల్లు ఇంకో నెల ఆలస్యమైతే కిలోకు 1.24 పోతుంది, రెండు నెలలైతే లాభమంతా ఊడ్చుకుపోయినట్టే. కాబట్టి రేటు కట్టే ముందు కనుక్కోవాల్సిన మొదటి విషయం పప్పు ధర కాదు, ఆ ఆఫీసులో బిల్లులు ఎన్నాళ్లకు పాసవుతున్నాయన్నది. నిరుడు సప్లై చేసినవాళ్లను అడగండి. బడ్జెట్ రిలీజ్ అయిందా, హాస్టల్ వార్డెన్ల రసీదులన్నీ చేతికొచ్చాకే బిల్లు తీసుకుంటారా, లేక నెలనెలా విడివిడిగా తీసుకుంటారా అన్నవి అడిగితే సగం లెక్క తేలిపోతుంది.

అపోహ: చిన్న వ్యాపారంగా నమోదైనట్టు ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కదా, 45 రోజుల్లో డబ్బు వస్తుంది, బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్ ఈఎండీ కూడా కట్టక్కర్లేదు.

వాస్తవం: 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో 45 రోజుల గడువు, అది దాటితే చక్రవడ్డీ ఉన్న మాట నిజమే. కానీ 2021లో హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులను ఉద్యమ్‌లోకి మళ్లీ తీసుకున్నప్పుడు వాళ్లకు ఇచ్చిన ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. మిల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. కేంద్ర సంస్థల టెండర్లలో మిల్లు నడిపే చిన్న పరిశ్రమ కోట్ ఎల్ వన్ కంటే, అంటే అందరిలో తక్కువ కోట్ కంటే, 15 శాతం లోపు ఎక్కువ ఉంటే, ఎల్ వన్ రేటుకు దిగివచ్చి కొంత భాగం సప్లై చేసే అవకాశం కూడా ఉంటుంది. కొని అమ్మేవాళ్లు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, నాలుగు నెలల వడ్డీ వేసుకోవడమే క్షేమం.

అపోహ: ధర పెరిగితే డిపార్ట్‌మెంట్ రేటు సవరిస్తుంది. లేదంటే ముందే కొని పెట్టుకోవచ్చు.

వాస్తవం: కేంద్ర ఆర్థిక నియమావళి ప్రకారం ధర సవరణ క్లాజు 18 నెలలు దాటిన కాంట్రాక్టులకే. రాష్ట్ర టెండర్లలోనూ క్లాజు రాసి ఉంటేనే అడగగలం. ఏడాది రేట్ కాంట్రాక్టులో సాధారణంగా ఉండదు.

కందికి ఒక క్యాలెండర్ ఉంది. కొత్త పంట తాండూరు, కలబురగి మార్కెట్లకు రావడం డిసెంబరు, జనవరిల్లో మొదలవుతుంది. అంటే మన 40 టన్నుల్లో 28 టన్నుల దాకా పాత పంటతోనే, సరుకు తగ్గుతూ వచ్చే నెలల్లోనే ఇవ్వాలి. ఆ నెలల్లో మిల్లు రేటు సగటున 4 రూపాయలు పెరిగితే అదనపు ఖర్చు 1.12 లక్షలు. మొత్తం కాంట్రాక్టులో మనం ఆశించిన లాభం 1.04 లక్షలు. అంటే 131.80 అన్నది మే నెల రేటు కదలకుండా ఉంటేనే పనికొస్తుంది. ఆ 4 రూపాయల పెరుగుదల తట్టుకోవాలంటే మొత్తం సరుకు మీద కిలోకు 2.80 చేర్చాలి.

మేలోనే 28 టన్నులూ కొని గోడౌన్‌లో వేస్తే? సరుకు సగటున మూడున్నర నెలలు కూర్చుంటుంది. నెలకు 1.18 చొప్పున వడ్డీ కిలోకు 4.13. తప్పించుకోవాలనుకున్న పెరుగుదల కంటే అదే ఎక్కువ! పురుగు, గోడౌన్ అద్దె అదనం. పైగా ప్రభుత్వం స్టాక్ పరిమితి పెట్టొచ్చు. 2023 జూన్ 2న కంది, మినుము మీద అలాగే పెట్టింది. నేనైతే రెండు నెలల సరుకు మించి ముందుగా కొనను. మిగతా రిస్కుకు రేటులోనే చోటు ఇస్తాను. ఆ చోటు ఇచ్చాక టెండర్ రాకపోతే పోనివ్వాలి.

అపోహ: నిరుటి ఎల్ వన్ రేటు చూసి పది పైసలు తగ్గిస్తే సరి.

వాస్తవం: నిరుటి రేటు కంటే ఆ రేటుకూ, ఆ బిడ్ గడువు వారంలో మిల్లు రేటుకూ ఉన్న తేడా పనికొస్తుంది. నిరుడు ఎల్ వన్ 108, అప్పటి మిల్లు రేటు 97 అయితే తేడా 11. మన తేడా 13.80, ధర పెరుగుదలకు చోటు ఇస్తే ఇంకా ఎక్కువ. వాళ్లు 11కే ఎలా చేశారన్నది వెతకాలి. సొంత మిల్లా? సొంత డబ్బా? అదే రూట్లో నూనె, చక్కెర కూడా తీసుకెళ్లి బండి ఖర్చు పంచుకుంటున్నారా? మనకూ అలా తగ్గించుకునే దారి ఉంటే రేటు తగ్గించాలి. లేనప్పుడు పప్పు గ్రేడ్ తగ్గించి సర్దుదామనుకుంటే, శాంపిల్‌లో నూక శాతం, తేమ పట్టుకుంటారు. లోడు వెనక్కి వస్తే రానుపోను కిరాయి మనదే.

అపోహ: జీఎస్టీ ఎలాగూ పైన వేసేదే.

వాస్తవం: టెండర్‌లో పన్నులతో కలిపి రేటు అడిగారేమో చూడండి. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పుకు 25 కిలోల సంచి వరకు 5 శాతం పన్ను. అంతకంటే పెద్ద బస్తాకు లేదు. మన కోట్ మీద 5 శాతం అంటే 6.59 రూపాయలు, లాభానికి రెండున్నర రెట్లు. పన్ను లేని సరుకైతే సంచుల మీద మనం కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, అది ఖర్చులోనే వేసుకోవాలి. బస్తా సైజు స్పష్టంగా లేకపోతే ప్రీ-బిడ్ మీటింగ్‌లో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి.

సబ్మిట్ చేసే ముందు యూనిట్ ఇంకోసారి చూడండి. క్వింటాలు కాలమ్‌లో కిలో రేటు కొట్టి, బిడ్ తెరిచాక వెనక్కి తగ్గితే ఈఎండీ జప్తు చేస్తారు. బ్లాక్‌లిస్ట్‌లో పెట్టే ప్రమాదమూ ఉంటుంది.