వెండితెరకు చామనఛాయ ఎందుకు పనికిరాలేదు?

2007లో వచ్చిన ‘శివాజీ’లో ఒక పాట కోసం రజనీకాంత్‌ను తెల్లవాడిగా మార్చారు. దానికి మేకప్ సరిపోలేదు. ప్రతి షాట్‌నూ ఆయన మీద తీసి, మళ్లీ అదే వెలుతురులో ఒక బ్రిటిష్ యువతి మీద తీశారు. ఆమె ఒంటి రంగును కంప్యూటర్‌లో వేల ఫ్రేముల మీద ఆయనకు పూశారు. కథలో హీరోయిన్ అతని నలుపును వద్దంటుంది కదా, ఆ బాధకు ఈ మందు. హాల్లో ఈలలు వేశారే గానీ ఎవరూ నొచ్చుకోలేదు.

ఈ మోజుకు మొదట్లో ఒక సాంకేతిక కారణం ఉండేది. మూకీల కాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. చర్మంలోని ఎరుపు జీర అందులో నల్లగా పడుతుంది, పెదవులైతే మరీ నలుపు. అందుకే ముఖాలకు లేత రంగు దట్టంగా పట్టించేవారు. 1920ల చివరికి ఎరుపును కూడా పట్టుకునే పాంక్రొమాటిక్ ఫిల్ము వాడుకలోకి వచ్చింది. అవసరం పోయింది గానీ అలవాటు పోలేదు. మన దగ్గర దానికి మరొకటి తోడైంది. ‘మంచి కుటుంబాల’ ఆడవాళ్లు నటించడానికి రాని ఆ రోజుల్లో తెరమీద వెలిగినవాళ్లు సులోచన అనే రూబీ మైయర్స్, సీతాదేవి అనే రెనీ స్మిత్ వంటి యూదు, ఆంగ్లో ఇండియన్ యువతులు. నాయిక అంటే ఇలా ఉండాలన్న కొలత అక్కడే స్థిరపడిందని నా అనుమానం. పోతన గోపికలు వెతికిన ‘నల్లనివాడు’ తెరమీద లేత నీలం అయ్యాడు. నలుపు వల్లే ‘కృష్ణ’ అనే పేరున్న ద్రౌపది పచ్చని ఛాయకు మారింది.

క్రమంగా ఛాయ అంతస్తుకు గుర్తయింది. చదువుకున్న, డబ్బున్న స్త్రీ పాత్ర వచ్చినప్పుడల్లా రంగు కాస్త తేల్చుకోమని తనను అడిగేవారని నటి నందితా దాస్ పలుమార్లు చెప్పారు. దీనికి తిరగేసిన రూపమే తెల్లని తారకు నలుపు పూయడం. ‘ఉడ్తా పంజాబ్’లో బిహారీ కూలీగా ఆలియా భట్, ‘సూపర్ 30’లో పట్నా పేదింటి మాస్టారుగా హృతిక్ రోషన్ అలా కనిపించినవాళ్లే.

2019 నాటి ‘బాలా’లో ఇది వికటించింది. నల్లగా ఉన్నందుకు ఎగతాళికి గురైన కాన్పూరు లాయరు పాత్ర భూమి పెడ్నేకర్‌ది. రంగు వివక్షను ఖండించే కథ అది. ట్రైలర్ రాగానే జనం ఆమె ముఖం మీది పూతను పట్టేశారు. సహజమైన నలుపులో నుదుటికీ బుగ్గకూ ఛాయలో తేడా ఉంటుంది, వెలుతురు పడితే మెరుస్తుంది. పూసిన నలుపు అంతటా ఒకేలా, బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. ఆ ఛాయలోనే పుట్టిన నటి దొరకలేదా అని అడిగారు. నటి తన ఎంపికను సమర్థించుకున్నారు. సినిమా హిట్టయింది. మూడేళ్ల ముందు ‘ఉడ్తా పంజాబ్’ వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఇంత గట్టిగా వినిపించలేదు. ఆ పాత్రకు ఆలియా ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అయ్యారు.