గుర్రం క్షేమమే, మరి మంత్రి ఎలా పోయింది?

పిల్లలూ,

"ఎవరూ కొట్టలేని గడిలోనే గుర్రాన్ని పెట్టాం కదా తాతయ్యా, అయినా మంత్రి ఎలా పోయింది?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. చదరంగం ఆట మొదట్లోనే ఇలా జరిగే సందర్భం ఒకటి చెబుతాను. బోర్డు పరుచుకుని, పావులు కదుపుతూ చదవండి.

తెల్ల బంటు e4కి, నల్ల బంటు e5కి రావాలి. తర్వాత తెల్ల గుర్రం f3కి, నల్ల గుర్రం f6కి. ఈ ఆరంభాన్ని పెట్రోవ్ డిఫెన్స్ అంటారు. ఇప్పుడు తెల్ల గుర్రం e5లోని బంటును కొడుతుంది. నల్లపావులతో ఆడే మీకు వెంటనే బదులు తీర్చుకోవాలనిపిస్తుంది. మీ గుర్రంతో e4లోని బంటును కొడతారు. అప్పుడు తెల్ల మంత్రి e2కి వచ్చి మీ గుర్రం మీద కన్నేస్తుంది.

ఇక్కడ ఆగండి. గుర్రం ప్రమాదంలో ఉందని మీకు తెలుసు. వెనక్కి, f6కి తీసుకుపోదామనుకుంటారు. f6ని ఏ తెల్ల పావైనా కొట్టగలదా? బంట్లు దూరంగా ఉన్నాయి, e5 గుర్రం దూకు అక్కడ పడదు, మంత్రికి దారి లేదు. పైగా g7 బంటు ఆసరా కూడా ఉంది. మీరు చేసిన పరీక్ష సరైనదే, f6లో గుర్రానికి ఏ భయమూ లేదు.

కానీ పరీక్ష అక్కడితో అయిపోలేదు. గుర్రం వెళ్లే గడిని చూశారు గానీ, అది వదిలిపెట్టే గడిని చూడలేదు. e4లో ఉన్నంతసేపు అది తెల్ల మంత్రికి అడ్డంగా నిలబడింది. అది తప్పుకోగానే e2 నుంచి మీ రాజున్న e8 దాకా ఆ వరుసలో మిగిలిన అడ్డు ఒక్కటే, e5లోని తెల్ల గుర్రం. అది వాళ్లదే కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకుంటుంది.

ఇప్పుడు ఆ గుర్రం c6కి దూకుతుంది. c6ని చూడండి. మీ b7 బంటు కొట్టగలదు, d7 బంటు కొట్టగలదు, b8 గుర్రం కూడా కొట్టగలదు. మూడు పావులు కాచుకుని ఉన్న గడిలోకి అది ధైర్యంగా వచ్చి కూర్చుంది. అయినా మీరు దాన్ని ముట్టుకోలేరు, ఎందుకంటే వరుస తెరుచుకుని తెల్ల మంత్రి మీ రాజుకు చెక్ చెప్పింది. ముందు చెక్ తప్పించాలి. మీరు శకటును అడ్డం పెడితే, c6 గుర్రం d8లోని మీ మంత్రిని కొడుతుంది. మంత్రినే e7లో అడ్డం పెడితే అక్కడే కొడుతుంది. ఎటు చూసినా 9 పాయింట్ల మంత్రి పోతుంది. ఆ గుర్రాన్ని తర్వాత పట్టుకున్నా దక్కేది 3 పాయింట్లే.

అందుకే పావును ముట్టుకోకముందే రెండు గడులూ చూడాలి. ముట్టుకున్నాక చూస్తే లాభం లేదు, పోటీల్లో ముట్టుకున్న పావునే కదపాలి. వెళ్లే గడిలో ఎవరు కొడతారు, కొడితే తిరిగి కొట్టడానికి మనకెవరున్నారు అన్నది ఒకటి. వదిలే గడి వల్ల ఏ దారి తెరుచుకుంటుంది, ఇన్నాళ్లూ ఈ పావు ఎవరిని కాస్తోంది అన్నది రెండోది. ఆ తర్వాత ఎదుటివాళ్లు చెప్పగల చెక్‌లన్నీ ఒకసారి వెతకండి. చెక్ ఉంటే మీ లెక్కలో ఉన్న కాపలాలు ఆ ఒక్క ఎత్తుకు పనిచేయకపోవచ్చు.

"గుర్రాన్ని కదపకుండా d5 బంటుతో ఆసరా ఇస్తే?" అంటారేమో. మంత్రి అయితే కొట్టదు, నిజమే. కానీ తెల్లవాళ్లు బంటును d3కి జరుపుతారు. 1 పాయింటు బంటు 3 పాయింట్ల గుర్రాన్ని కొడితే, తిరిగి కొట్టినా నష్టం మనకే. ఆసరా ఉన్నంత మాత్రాన పావు భద్రంగా ఉన్నట్టు కాదు, కొట్టేది ఎంత విలువైన పావో కూడా చూడాలి. ఆ స్థితిలో ఉన్నంతలో మంచిది మీ మంత్రిని e7కి తేవడం. తెల్ల మంత్రి గుర్రాన్ని తీసుకుంటుంది, మీరు బంటును d6కి జరిపి e5 గుర్రం మీద గురిపెడతారు. అది తప్పుకుంటే వెనకున్న వాళ్ల మంత్రి పోతుంది కాబట్టి కదలలేదు. చివరికి ఒక బంటు నష్టంతో బయటపడతారు.

అసలు తొందర అంతకుముందే జరిగింది. e4 బంటును కొట్టేముందు మీ బంటును d6కి జరిపి ఆ తెల్ల గుర్రాన్ని తరమండి. అది f3కి పోయాక e4 బంటును కొట్టండి. అప్పుడూ మంత్రి e2కి వస్తే, మీ మంత్రిని e7లో పెట్టండి. ఇక d3 బంటు తరిమినా గుర్రం హాయిగా f6కి వెళ్తుంది. మంత్రులు మార్చుకున్నా సరికి సరి.

రెండు రకాలుగానూ ఆడి చూడండి. d6 వేశాక వచ్చే ఆటలో తెల్ల మంత్రి e2కి రాగానే, మీ మంత్రిని e7లో పెట్టకముందు ఆ e4 గుర్రం అసలు కదలగలదో లేదో కనిపెట్టి ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య